స్టాన్ ఎవరు, సింప్ ఎవరు, అన్నదెవరు?

ఎవరి పేరిట ఈ స్మారకోపన్యాసం ఏర్పాటైందో ఆ మాస్టారు బతికున్నన్నాళ్ళూ మాటలు ఏరుకుంటూనే గడిపారు. చిన్న చీటీ మీద మాట రాసి, దాని కింద అర్థానికి బదులు సందర్భం రాసుకునేవారు. ఎవరన్నారు, ఎవర్ని అన్నారు, ఎవరు వింటుండగా అన్నారు. "మహానుభావుడు" అన్న మాటకు ఆయన దగ్గర రెండు చీటీలుండేవి. ఒకటి తిరువయ్యూరులో ఆరాధనోత్సవాల నాడు విన్నది. రెండోది, ఆర్నెల్ల అద్దె ఎగ్గొట్టి రాత్రికి రాత్రి ఊరొదిలిన వాడి గురించి ఇంటాయన అన్నది. "నిర్వాకం" అన్న మాటకు మాత్రం మొదటి రకం చీటీలు దొరకడం మానేశాయని ఆయన చెప్పేవారు. పని చక్కబెట్టడమనే అర్థం నిఘంటువులో ఉండిపోయింది గానీ, "చూశావా నీ కొడుకు నిర్వాకం" అని ఏ తండ్రీ మెచ్చుకోలుగా అనడు.

మెచ్చుకోలు వెక్కిరింతగా మారడం, వెక్కిరింత మెచ్చుకోలుగా మారడం తెలుగువాళ్ళకు కొత్త కాదు. నిందలా వినిపించే స్తుతికీ, స్తుతిలా వినిపించే నిందకూ కలిపి మన ఆలంకారికులు వ్యాజస్తుతి అని పేరు పెట్టారు. కాసుల పురుషోత్తమ కవి ఆ ఒక్క పద్ధతిమీదే ఆంధ్రనాయక శతకం రాసి శ్రీకాకుళం దేవుణ్ణి దెప్పిపొడిచాడు. భద్రాచల రామదాసు తాను చేయించిన నగల లెక్క రాముడి ముందు పెట్టి నిలదీశాడు. అయితే వాళ్ళ పద్యం విన్నవాడికి కవి ఎవరో తెలుసు, దేవుడెవరో తెలుసు, ఇద్దరి మధ్య చనువు ఎంతో తెలుసు. ఇంటర్నెట్‌లో పుట్టి పెరుగుతున్న అభిమానుల భాషకు ఆ వసతి లేదు. అక్కడ అన్నవాడి ముఖం కనపడదు, గొంతు వినపడదు, వింటున్నవాళ్ళెవరో అన్నవాడికే తెలియదు. అయినా ఆ మాటలు పొగడ్తకూ ఎగతాళికీ మధ్య రోజుకు పదిసార్లు అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాయి. అలాంటి మాటలు బోలెడున్నా, ఈ ఉపన్యాసం రెండింటి దగ్గరే ఆగుతుంది. ఒకటి తిట్టుగా పుట్టి పొగడ్త దాకా ఎక్కిన "స్టాన్". రెండోది తిట్టుగా పుట్టి, సగం దూరం ఎక్కి, అక్కడే వేలాడుతున్న "సింప్".

స్టాన్ పుట్టుక ఇంత కచ్చితంగా తెలియడం ఈ రకం మాటల్లో అరుదు. అమెరికన్ ర్యాప్ గాయకుడు ఎమినెమ్ 2000లో విడుదల చేసిన "ది మార్షల్ మాథర్స్ ఎల్‌పీ" ఆల్బమ్‌లో "స్టాన్" అనే పాట ఉంది. అందులో స్టాన్ ఒక కుర్రవాడి పేరు, స్టాన్లీకి పొట్టిపేరు. పాట ఉత్తరాల రూపంలో నడుస్తుంది. మొదటి ఉత్తరం మామూలుగానే ఉంటుంది. గది గోడలనిండా నీ బొమ్మలే అంటాడు, నా ప్రియురాలు కడుపుతో ఉంది, కూతురు పుడితే ఏం పేరు పెడతానో విను అంటాడు. జవాబు రాదు. రెండో ఉత్తరంలో గొంతు బిగుస్తుంది. చలిలో నాలుగు గంటలు నిలబడితే నా తమ్ముడికి ఒక్క సంతకం పెట్టలేదేం అని అడుగుతాడు. మూడోసారి ఉత్తరం ఉండదు, కారు నడుపుతూ క్యాసెట్‌లో మాటలు రికార్డు చేస్తుంటాడు. వెనక డిక్కీలో ఆ గర్భవతి ఉంటుంది. కారు వంతెన మీంచి నీళ్ళలోకి పోతుంది. చివరి చరణం గాయకుడి జవాబు. ఆలస్యమైందని క్షమాపణ చెప్పుకుంటూ, నీకు కౌన్సెలింగ్ కావాలని సలహా ఇస్తూ, టీవీలో చూసిన ఒక వార్త గురించి చెబుతూ, ఆ వార్తలో మనిషి ఎవరో మాట మధ్యలో గ్రహిస్తాడు.

కాబట్టి ఈ మాట పుట్టినప్పుడే దాంట్లో ఒక శవం ఉంది. ఇవాళ దాన్ని పువ్వులా వాడేవాళ్ళలో చాలామందికి ఆ పాట తెలియదు. "స్టాకర్" అనే మాటకు "ఫ్యాన్" అతికితే స్టాన్ అయిందని ఒక వ్యుత్పత్తి కూడా ప్రచారంలో ఉంది. వినడానికి బాగుంటుంది, పాటలోని మనిషికి సరిగ్గా అతుకుతుంది కూడా. కానీ అది తర్వాత కట్టిన కథే. ముందు పాట వచ్చింది, తర్వాత ఆ పేరు మాటయింది.

ఆ పేరు మాటగా మారిన ఘట్టం కూడా దొరుకుతుంది. 2001లో న్యూయార్క్ ర్యాపర్లు జే-జీ, నాస్ పాటలతో కత్తులు దూసుకున్నారు. సెప్టెంబరులో జే-జీ "టేకోవర్"లో నాస్‌ను దులిపేశాడు. డిసెంబరులో నాస్ "ఈథర్" అనే పాటతో బదులిస్తూ, వరసగా పేర్చిన తిట్లలో ఒకటిగా జే-జీని స్టాన్ అన్నాడు. శకుని, కుంభకర్ణుడు, గిరీశం మన నోళ్ళలో ఎలా జాతివాచకాలయ్యారో ఇదీ అలాగే అయింది, కాకపోతే పాట సింగిల్‌గా వచ్చిన ఏడాదికే అయింది. ఆ తిట్టులో పదును ఎక్కడుందో చూడాలి. జే-జీ పిచ్చివాడని గానీ హంతకుడని గానీ నాస్ అనలేదు. సాటి కళాకారుణ్ణి తీసుకెళ్ళి జనంలో, ఆటోగ్రాఫ్ పుస్తకం పట్టుకున్న వరసలో నిలబెట్టాడు. నువ్వు నా పోటీదారుడివి కూడా కాదు, నా అభిమానివి అన్నాడు. ఎదుటివాణ్ణి మధ్యమపురుషలో కొట్టిన దెబ్బ అది.

తర్వాత దాదాపు పదేళ్ళు ఈ మాట ఆ వైపే ఉంది. ఒక గాయని అభిమానులు మరో గాయని అభిమానుల్ని స్టాన్లన్నారు. ఫలానా ఆల్బమ్ బాగుందన్నవాణ్ణి "నువ్వు స్టాన్‌వి, నీ మాట లెక్కలోకి రాదు" అని కొట్టిపారేశారు. మన సినిమా చర్చల్లో "నువ్వు వాళ్ళ ఫ్యాన్‌వి గదా, అట్లాగే అంటావు" అనడం లాంటిదే.

దాన్ని తిప్పినది వ్యాకరణం. ఈ మాట చెప్పేముందు ఒక హెచ్చరిక: వ్యాకరణం పేరెత్తితే సభలో కుర్చీలు జరిగే చప్పుడు వస్తుందని మాస్టారు అనేవారు. కానీ ఇక్కడ వేరే దారి లేదు. ఇంగ్లిషులో నామవాచకానికి ఏ ప్రత్యయమూ తగిలించకుండా దాన్నే క్రియగా వాడుకోవచ్చు. స్టాన్ అనే నామం మనిషికి వేసిన ముద్ర. వినగానే చూపు అభిమాని మీదికి, అతని అతి మీదికి పోతుంది. అదే క్రియ అయితే దానికి కర్మ కావాలి. ఎవర్ని స్టాన్ చేస్తున్నారు? చూపు అభిమానిని వదిలి ఆరాధ్యుడి మీదికి పోయింది. పైగా ఆ క్రియ స్థిరపడింది ఏకవచనంలో కాదు. "మేం స్టాన్ చేస్తాం" అని ఉత్తమపురుష బహువచనంలో స్థిరపడింది. ఒంటరిగా గదిలో ఉత్తరాలు రాసుకున్న వాడి పేరు గుంపుగా వేసే ఈలయింది. "ఇక స్టాన్ చేయక తప్పదు" అన్న వాక్యం ట్విట్టర్‌లో ఒక ఊతపదంలా తయారైంది.

ఒకసారి క్రియగా తేలికపడ్డాక దాని కర్మ కూడా మారిపోయింది. పాటగాళ్ళను దాటి, రోడ్డు దాటుతున్న బాతుల కోసం కారాపిన డ్రైవరుకూ, తొంభై ఏళ్ళకు ఈత నేర్చుకున్న బామ్మకూ అదే మాట వాడారు. గోడలకు బొమ్మలంటించే పని లేదు, ఆరాధన లేదు. "శెభాష్" అనడం తప్ప అందులో ఏమీ మిగల్లేదు. అంత తేలికైన పొగడ్త వెంటనే ఎగతాళికీ పనికొస్తుంది. ఒక నాయకుడు మాట తప్పినప్పుడు, ఒక కంపెనీ సిగ్గుమాలిన ప్రకటన ఇచ్చినప్పుడు అదే "స్టాన్ చేయక తప్పదు" అన్న వాక్యం కింద వచ్చి పడుతుంది. అక్షరం మారదు. మనం ఇంటి దగ్గర "ఆహా, ఏం ఘనకార్యం!" అన్నప్పుడు గొంతు చేసే పని అక్కడ కర్మ చేస్తుంది. పొగడరాని వాణ్ణి పొగిడారంటే అది పొగడ్త కాదని చదివేవాడు ఊహించుకోవాలి. ఊహించుకోలేనివాడు అక్కడి వాడు కాడు.

అక్కడి వాడు కానివాడికి స్టాన్లు ఒక పేరు కూడా పెట్టుకున్నారు: "లోకల్". మన సినిమా పాటల్లో లోకల్ అంటే గర్వం. స్టాన్ ట్విట్టర్‌లో లోకల్ అంటే రేడియోలో వచ్చిందే పాట, అందరూ చూసిందే సినిమా అనుకునే అమాయకుడు. ఒకప్పుడు మామూలు జనం అభిమానిని చూసి నవ్వినట్టే ఇప్పుడు అభిమాని మామూలు జనాన్ని చూసి నవ్వుతున్నాడు.

ఈ మాట బరువు ఎంతదాకా మారుతుందో తెలియాలంటే రెండేళ్ళ తేడాతో జరిగిన రెండు సంగతులు పక్కపక్కన పెట్టాలి. 2018లో ఒక యువ రచయిత్రి, ర్యాపర్ నికీ మినాజ్ ఇక కాస్త పరిణతి ఉన్న పాటలు చేస్తే బాగుంటుందని ట్విట్టర్‌లో రాసింది. బార్బ్‌జ్ అని పిలుచుకునే ఆ గాయని అభిమానులు వేలమంది ఆమె మీద పడ్డారు. ఆమెనే కాదు, ఆమె చిన్న కూతుర్ని కూడా వదల్లేదు. గాయని స్వయంగా ఆమెకు కోపంగా సందేశం పంపింది. ఆమె అప్పట్లో చేస్తున్న ఇంటర్న్‌షిప్ కూడా పోయింది. ఆ వార్తలు రాసిన పత్రికల్లో స్టాన్ అనే మాట పాటలోని మనిషిని తలపించేలాగే వాడారు.

రెండోది 2020 మే 31. జార్జ్ ఫ్లాయిడ్ హత్య మీద అమెరికా అంతటా నిరసనలు నడుస్తున్నాయి. ఆందోళనల్లో చట్టవిరుద్ధమైన పనులు కనిపిస్తే వీడియోలు పంపమని, ఐవాచ్ డాలస్ అనే తమ యాప్ పేరు చెప్పి డాలస్ పోలీసులు ట్విట్టర్‌లో కోరారు. కొరియా పాప్ సంగీతం అభిమానులు ఆ యాప్‌కు ఫ్యాన్‌క్యామ్‌లు పంపడం మొదలుపెట్టారు. ఫ్యాన్‌క్యామ్ అంటే వేదిక మీద బృందం ఆడుతుంటే అందులో ఒక్క మనిషినే వెంబడించి తీసిన చిన్న వీడియో. గులాబీ రంగు జుట్టు కుర్రాడు తిరుగుతాడు, నవ్వుతాడు, కన్ను కొడతాడు, అయిపోతుంది. అలాంటివి కుప్పలుగా వచ్చిపడ్డాయి. సాంకేతిక ఇబ్బందుల వల్ల యాప్ తాత్కాలికంగా పనిచేయడం లేదని పోలీసులు అదే రోజు ప్రకటించారు. ఆ ఇబ్బందికి కారణం ఫ్యాన్‌క్యామ్‌లేనని వాళ్ళు చెప్పలేదు. లోకం మాత్రం అలాగే అర్థం చేసుకుని చప్పట్లు కొట్టింది.

అంతకు నెలముందు దాకా ఇవే ఫ్యాన్‌క్యామ్‌లను జనం ఈసడించుకున్నారు. భూకంపం గురించిన వార్త కింద ఒకటి, ఎవరో చనిపోయారన్న ట్వీట్ కింద ఒకటి తెచ్చి పెట్టడం స్టాన్ల అలవాటు. సందర్భం లేని ఆ గోల డాలస్‌లో ఆయుధమయింది. చేసినవాళ్ళు వాళ్ళే, చేసింది అదే: గుంపుగా కదలడం, ఒక చోటును నింపేయడం, మిగతావాళ్ళ గొంతు వినపడకుండా చేయడం. ఎదురుగా ఒంటరి రచయిత్రి ఉంటే అది వేధింపు, పోలీసు యాప్ ఉంటే అది ప్రతిఘటన. తర్వాతి నెలలో ఓక్లహోమా రాష్ట్రం టల్సాలో డొనాల్డ్ ట్రంప్ సభకు పది లక్షల పైచిలుకు మంది టికెట్లు కోరారని ప్రచారకులు గొప్పగా చెప్పుకుంటే, అగ్నిమాపక శాఖ లెక్కలో వచ్చినవాళ్ళు 6,200కు కాస్త తక్కువే తేలారు. టిక్‌టాక్ కుర్రాళ్ళూ కొరియా పాప్ స్టాన్లూ ఊరికే టికెట్లు బుక్ చేశారన్న వార్త పెద్దదయింది. అసలు సంగతి కాస్త చిన్నది. ఆ టికెట్లకు సంఖ్యాపరిమితి లేదు, ముందొచ్చినవాడికి ముందు చోటు. కాబట్టి వాళ్ళ బుకింగ్ వల్ల ఎవరికీ కుర్చీ దొరక్కుండా పోలేదు. నిర్వాహకుల ఆశ మాత్రం ఉబ్బింది. అయినా ఆ నెలలో స్టాన్ అనే మాట వార్తాపత్రికల్లో వినిపించినంత గౌరవంగా అంతకుముందెప్పుడూ వినిపించలేదు.

నిఘంటువులు ఈ మాటను ఆ గొడవకు ముందే చేర్చుకున్నాయి. మెరియమ్-వెబ్‌స్టర్ 2019 ఏప్రిల్‌లో చేర్చింది. దాని నిర్వచనంలో అభిమానానికి ముందు "మితిమీరిన" అనే విశేషణం ఉంది. నామానికి అది సరిపోతుంది. బామ్మ ఈతను మెచ్చుకున్న క్రియకు సరిపోదు. ఆ పాట రాసిన ఎమినెమ్ వైపు నుంచి చూస్తే ఇంకా విచిత్రం. 2013లో ఆయనే ఆ పాటకు కొనసాగింపుగా "బ్యాడ్ గై" చేశాడు. అందులో స్టాన్ తమ్ముడు మాథ్యూ పెద్దవాడై పగ తీర్చుకోవడానికి వస్తాడు. 2025లో తన అభిమానుల మీద ఒక డాక్యుమెంటరీ నిర్మాణంలో పాలుపంచుకున్నాడు. దాని పేరు "స్టాన్స్". కెమెరా ముందుకొచ్చి తన ఒంటిమీది పచ్చబొట్లు చూపించే మనిషి ఆ పేరుకు నొచ్చుకోడు. నన్ను నేను అనుకుంటే బిరుదు, నువ్వంటే బూతు. మన దగ్గర "పిచ్చి" అనే మాట ఇలాగే బతుకుతోంది. "నాకు ఘంటసాల అంటే పిచ్చి" అన్నవాడు గర్వపడతాడు, "నీకు పిచ్చా" అంటే చెయ్యెత్తుతాడు.

ఇక సింప్.

ఇది స్టాన్‌కన్నా తొమ్మిది దశాబ్దాలకు పైగా పెద్దది. బుర్ర తక్కువవాడనే అర్థంలో "సింపుల్టన్"ను కుదించి ఇరవయ్యో శతాబ్దం మొదట్లోనే అమెరికన్లు ఈ మాట వాడారు. అప్పుడు దానికి ఆడవాళ్ళతో సంబంధం లేదు, వట్టి వెర్రిబాగులవాడు. ఆ సంబంధం కలిపినవాళ్ళు అమెరికా పడమటి తీరం, దక్షిణాది ర్యాపర్లు. వాళ్ళ పాటల్లో ఆడవాళ్ళమీద బతికే తార్పుడుగాడు నాయకుడు, అతనికి పేరు "పింప్". దానికి ప్రాస కుదిరే ఎదురుమాట సింప్. ఆడదాని దగ్గర డబ్బు తీసుకునేవాడు పింప్, ఇచ్చేవాడు సింప్. ఈ జంట గుర్తుంచుకుంటే తర్వాత కథంతా అర్థమవుతుంది. ఆ మాటలో తిడుతున్నది ప్రేమను కాదు, డబ్బు పోయిన దిక్కును.

2010 తర్వాత, మగాడు ఆడదానికి తల వంచకూడదని బోధించుకునే మగవాళ్ళ చర్చాబృందాలు ఈ మాటను ఎత్తుకున్నాయి. నాలుగక్షరాలకు నాలుగు ఇంగ్లిషు మాటలు అల్లి, ఇక్కడ చెప్పడానికి వీల్లేని ఒక విస్తరణ కూడా తయారుచేశారు. అది కూడా స్టాకర్-ఫ్యాన్ కథలాంటిదే, మాట పుట్టాక పుట్టించిన వ్యుత్పత్తి. 2019 చివర్లో టిక్‌టాక్ మీద గాలి మారింది. స్నేహితురాలి సంచి మోసినవాడు, ఆమె ఫోటో కింద వెంటనే వ్యాఖ్య రాసినవాడు, ఆమె హోంవర్కు చేసిపెట్టినవాడు తనంతట తాను వచ్చి "సింప్ నేషన్‌కు స్వాగతం" అని వీడియో చేసుకోవడం మొదలైంది. తనను తాను ఆటపట్టించుకునే ధోరణి అది. తిట్టు సగం విరిగింది అక్కడే.

సగమే ఎందుకు విరిగింది? స్టాన్‌కు జరిగిందే సింప్‌కూ జరగవచ్చు కదా. క్రియ దానికీ ఉంది, ఇంగ్లిషు కుర్రాళ్ళు "ఫలానావారి కోసం సింప్ చేస్తున్నా" అంటారు. తేడా కర్మలో ఉంది. జపాన్ యానిమేలో ఒక పాత్ర కోసం సింప్ చేస్తున్నానంటే ఎవరూ గాయపడరు, అంతా సరదా. ఆ పాత్ర డబ్బు తీసుకోదు, తిరిగి చూడదు, చెడిపోయే పరువు దానికి లేదు. కర్మ స్థానంలోకి నిజమైన స్త్రీ వచ్చిందంటే మాట పాత దిక్కుకు తిరుగుతుంది. 2019 జులైలో బ్రిటన్‌కు చెందిన ఇంటర్నెట్ తార బెల్ డెల్ఫీన్, తాను స్నానం చేసిన నీళ్ళంటూ ఒక్కో సీసా 30 డాలర్లకు అమ్మకానికి పెట్టింది. కొద్ది రోజుల్లోనే అన్నీ అమ్ముడుపోయాయి. కొన్నవాళ్ళను చూసి లోకం నవ్వింది. సింప్ మాట ఊపందుకున్నాక ఆ కథ దానికి ఉదాహరణగా నిలబడిపోయింది. ఆమె మాత్రం సొంత అభిమానులనే ఆటపట్టిస్తూ ఒక పరాచికాన్ని ధర కట్టి అమ్మింది, కొన్నవాళ్ళలో చాలామంది ఆ పరాచికంలో పాలుపంచుకోవడానికే కొన్నారు. సింప్ అన్న ఒక్కమాటలో ఈ రెండూ మాయమై, మోసగత్తె ఒకతె, మోసపోయినవాడు ఒకడు మిగిలారు.

ఇలాంటి కథకు మన సాహిత్యంలో మెరుగైన తూనిక ఉంది. కన్యాశుల్కంలో రామప్పంతులు మధురవాణిని తెచ్చి పెట్టుకుని, ఊరంతా తన గొప్ప చెప్పుకుంటూ, ఆమె చేతిలో అడుగడుగునా తేలిపోతాడు. ప్రేక్షకుడు పంతుల్ని చూసి నవ్వుతాడు, మధురవాణి తెలివికి తల పంకిస్తాడు. గురజాడ నవ్వు ఒక్కరి మీదే పడేలా రాశాడు. సింప్ అనే మాట మీట నొక్కితే నవ్వు ఇద్దరి మీదా పడుతుంది. మగాడు వెర్రివాడు, ఆమె ఆ డబ్బుకు తగింది కాదు. ఆడవాళ్ళు ఈ మాటను అంతగా ఇష్టపడకపోవడానికి కారణం ఇదేనని ఈ ఉపన్యాసకుడి అభిప్రాయం.

ఆ నవ్వును ఆపాలని ఒక సంస్థ ప్రయత్నించింది. ఆటలు ఆడుతూ ప్రత్యక్షప్రసారం చేసేవాళ్ళ వేదిక ట్విచ్ 2020 డిసెంబరులో వేధింపుల మీద కొత్త నియమాలు ప్రకటించింది. 2021 జనవరి 22 నుంచి అమలు. సింప్, ఇన్‌సెల్, వర్జిన్ అనే మాటల్ని ఎదుటివాడి లైంగిక జీవితాన్ని ఎత్తిచూపే తిట్లుగా వాడితే చర్య ఉంటుందని సంస్థ ఉన్నతాధికారి సారా క్లెమెన్స్ చెప్పారు. సింప్ అని పేరున్న ఎమోట్‌లను, అంటే చాట్‌లో వాడే బుల్లి బొమ్మల్ని కూడా ఒప్పుకోమన్నారు. మరునాటికి ఆ నిషేధం మీదే నవ్వులు మొదలయ్యాయి.

నవ్విన వాళ్ళది వట్టి అల్లరి కాదు. ట్విచ్ చాట్‌లో ఒక రాత్రిని ఊహించుకుంటే ఇబ్బంది తెలుస్తుంది. ఒక అమ్మాయి ఆట ఆడుతోంది. అప్పట్లో నెల చందా 4.99 డాలర్లు. అందులో మామూలుగా సగం ఆమెకు చేరుతుంది. చూసేవాళ్ళలో ఒకడు పది చందాలు కొని తెలియనివాళ్ళకు పంచాడు. చాట్‌లో మూడు వరసలు పడ్డాయి, మూడూ "సింప్" అన్న ఒక్క మాటే. మొదటిది అతని పాత స్నేహితుడిది, భుజం తట్టినట్టు. రెండోది అతనిదే, నేనింతే అని ఒప్పుకుంటూ. మూడోది ఆ అమ్మాయి ప్రసారం పెట్టినప్పుడల్లా వచ్చి, డబ్బిచ్చిన ప్రతివాడినీ అదే మాటతో పొడిచే అపరిచితుడిది. మాటల్ని జల్లెడ పట్టే ప్రోగ్రాముకు ఈ మూడూ ఒకటే. మూడింటినీ కొట్టేస్తే స్నేహితులు నవ్వుతారు, మూడింటినీ వదిలేస్తే ఆ అమ్మాయి చాట్ మూసుకుంటుంది. చివరికి సంస్థ ఇచ్చిన వివరణ ఇది: మాట ఒక్కసారి వాడినందుకు చర్య ఉండదు, వేధించే ఉద్దేశంతో పదేపదే వాడితే ఉంటుంది. మాస్టారి మూడు ప్రశ్నలకు ట్విచ్ నాలుగోది చేర్చిందన్నమాట, ఎన్నిసార్లు అన్నారు అని. ఆ నాలుగో ప్రశ్న చీటీ మీద రాసేవాడికి తట్టదు, రోజూ ఆ చాట్ కాపలా కాసేవాడికే తడుతుంది.

ఈ రెండు మాటల్లో తెలుగు నోళ్ళలోకి ఎక్కువ వచ్చింది సింపే. స్టాన్ అంతగా రాలేదు. చోటు ఖాళీగా లేకపోవడమే కారణం కావచ్చు. వీరాభిమాని ఉన్నాడు, దురభిమాని ఉన్నాడు, డైహార్డ్ ఫ్యాన్ ఉన్నాడు. అవతలి హీరో వాళ్ళను తిట్టడానికి "పంకాలు" ఉన్నారు. ఫ్యాన్‌ను పంకాగా అనువదించి సీలింగుకు వేలాడదీసిన ఆ వెక్కిరింత ఎవరి బుర్రలో పుట్టిందో గానీ, ఇరవై ఏళ్ళుగా వాడుకలో అరగలేదు. వీరాభిమాని కూడా స్టాన్ లాగే పురుష మారితే రంగు మారే మాట. ఫ్లెక్సీ మీద సొంత ఫోటో కింద వేసుకుంటే బిరుదు. ఎదుటివాడి సమీక్ష కింద "వీరాభిమాని గారు వచ్చారు" అని రాస్తే ఎత్తిపొడుపు. ఇక్కడ పని చేస్తున్నది "గారు". గౌరవవాచకంతో కొట్టడం తెలుగుకున్న సొంత సౌకర్యం, ఇంగ్లిషు స్టాన్‌కు అది లేదు.

సింప్‌కు మాత్రం మన దగ్గర సరైన జోడు లేకపోయింది. "పులిహోర కలుపుతున్నాడు" అంటే తియ్యటి కబుర్లతో అమ్మాయిని మెప్పించబోతున్నాడని. అది నోటికి సంబంధించిన తిట్టు, అందులో చతురతకు కాస్త మార్కులు కూడా ఉన్నాయి. "కొంగు పట్టుకు తిరుగుతున్నాడు" అన్నది ఎక్కువగా పెళ్ళయినవాడికి, అదీ అత్తవారి నోట. "భజన" అన్నది గుళ్ళోంచి నాయకుడి వాకిట్లోకి దిగి, అధికారం చుట్టూ తిరిగేవాడిదైపోయింది. చందా కట్టి, లైకు కొట్టి, ప్రత్యుత్తరం కోసం చూసే కుర్రాడికి వీటిలో ఏదీ నప్పలేదు. అందుకే యూట్యూబ్ కింద "సింప్ అవ్వకు రా" అని నేరుగానే రాస్తున్నారు. చివర ఆ "రా" చూడండి. స్నేహితుడి చెయ్యి భుజం మీద పడిందో, అపరిచితుడి చెయ్యి చెంప మీద పడిందో ఆ ఒక్క అక్షరంతో తేలదు, "రా" రెండు చోట్లా పలుకుతుంది. "సింప్ గారు" అని రాస్తే మాత్రం అనుమానం లేదు. హైదరాబాద్‌లో ఇంజినీరింగు చదివే అమ్మాయిలు కొరియా నటుడి బొమ్మ పెట్టుకుని "నేను ఫుల్ సింప్" అని రాసుకుంటున్నారు, అక్కడ మాట లింగం కూడా మార్చుకుంది.

మాస్టారి చీటీల పెట్టెలో సింప్‌కు ఒక్క ఎంట్రీ వేసి "నీచార్థం" అని పక్కన రాస్తే ఆ అమ్మాయిల వాడుక బయటే మిగిలిపోతుంది. "హాస్యార్థం" అని రాస్తే చాట్ మూసుకున్న ఆ స్ట్రీమర్ గోడు పోతుంది. కనీసం మూడు చీటీలు కావాలి: తనను గురించి తాను అన్నది, స్నేహితుణ్ణి అన్నది, పరాయివాణ్ణి అన్నది. మూడో చీటీ వెనక, ఎన్నిసార్లు అన్నారో రాసుకోవడానికి కొంచెం ఖాళీ వదలాలి.